సప్లిమెంట్ బాటిళ్ల బొమ్మ: లేబుల్ ఖాళీగానే అడగండి

(గుంటూరు బ్రాడీపేటలో డిజైనర్లు, చిన్న వ్యాపారుల కోసం జరిగిన సమావేశంలో ఒక ప్రొడక్ట్ ఫొటో డిజైనర్ చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు రండి. ఇవాళ తెర మీద చిన్న చిన్న అక్షరాలు చూడాల్సి ఉంది, అక్కణ్ణుంచి కనపడవు.

ఇదిగో, ఈ బొమ్మ చూడండి. ఏఐతో గీయించింది. వరసగా నాలుగు బాటిళ్లు. పసుపు సారం క్యాప్సూల్స్, మునగాకు టాబ్లెట్లు, విటమిన్ డి3, చేప నూనె. మన జిల్లాలో దుగ్గిరాల పసుపు మార్కెట్ ఉంది కాబట్టి ఇలాంటి సరుకు ప్యాక్ చేసి అమ్మేవాళ్లు మన చుట్టూ ఉండటం సహజమే. ఈ బొమ్మ చేసిన కుర్రాడు చాలా నెమ్మదస్తుడు. ఎక్కడా ఒక్క అబద్ధం రాయలేదు. అతను టైప్ చేసింది ఇంతే:

```
four premium health supplement bottles in a row,
weight loss, immunity, trusted, natural, transformation
```

ఇప్పుడు వచ్చిన బొమ్మని ఎడమ నుంచి చూసుకుంటూ రండి. మొదటి బాటిల్ బూడిదరంగు నీడలో ఉంది. రెండోది కొంచెం వెలుగులో. నాలుగోదానికి వచ్చేసరికి బంగారు కిరణాలు, గుడిలో దేవుడి వెనక మకర తోరణంలాగా. (నవ్వులు) వెనక గోడ మీద మసగ్గా రెండు మనిషి ఆకారాలు ఉన్నాయి, గమనించారా? ఎడమవైపు ఆకారానికి బొజ్జ ఉంది, కుడివైపు ఆకారం సన్నగా ఉంది. బాటిళ్ల ముందు దర్జీ టేపు ఒకటి మెలికలు తిరిగి పడుంది. రెండో బాటిల్ మీద బంగారు రంగు గుండ్రటి ముద్ర. పెద్దది చేస్తాను. CLINICALY PROVEM. స్పెల్లింగ్ తప్పినా ఏం చెప్పదలుచుకుందో అందరికీ అర్థమైపోయింది కదా. మూడో బాటిల్ మూత మీద ఎర్ర ప్లస్ గుర్తు. చివర్లో ఒక తెల్లకోటు చెయ్యి, వేలు చూపిస్తూ.

ఇవేవీ అతను అడగలేదు. మరి ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఈ ఏఐ మోడల్ నేర్చుకున్నది కోట్ల బొమ్మల నుంచి, వాటి కింద ఉన్న మాటల నుంచి. బరువు తగ్గడం, ట్రాన్స్‌ఫర్మేషన్ అనే మాటలు ఉన్న బొమ్మల్లో ఎక్కువభాగం పక్కపక్కన రెండు ఒళ్లు చూపించేవే. నమ్మకం అనే మాట ఉన్న ప్యాకింగ్ బొమ్మల్లో ముద్రలే ముద్రలు. అందుకే ఆ మాట పడగానే ఆ సామానంతా దిగుమతి అవుతుంది. ఏది ప్రకటనలో పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు అన్న లెక్క దానికి లేదు. ఆ లెక్క చూసుకోవాల్సింది మనం.

లెక్క అంటే ఏంటో రెండు నిమిషాల్లో చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే చట్టం క్లాసుకి మీరు రాలేదు. సప్లిమెంట్ మన దేశంలో మందు కాదు, ఆహారం కింద లెక్క. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరిధిలోకి వస్తుంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో 53వ సెక్షన్ ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి జరిమానా 10 లక్షల రూపాయల దాకా ఉండొచ్చు. ప్రకటనలు, క్లెయిముల మీద 2018లో విడిగా నిబంధనలు వచ్చాయి. జబ్బు నయం చేస్తుందనో, రాకుండా ఆపుతుందనో అనకూడదు. డాక్టర్లు సిఫార్సు చేశారన్న అర్థం వచ్చేలా కూడా చూపించకూడదు. ఆ తెల్లకోటు చెయ్యి ఇప్పుడు మళ్లీ చూడండి. నోరు తెరవకుండానే సిఫార్సు చేసేసింది.

ఇంకోటి 1954 నాటి చట్టం, మందులు, మంత్ర చికిత్సల ప్రకటనల మీద. దాని షెడ్యూల్లో షుగర్, బీపీ, గుండె జబ్బులతో పాటు ఊబకాయం ఉంది, మనిషి ఎత్తు కూడా ఉంది. ఆహారం పేరుతో అమ్ముతున్నా, వీటిని తగ్గిస్తామని చూపించామంటే ఆ చట్టం వైపు అడుగు వేసినట్టే. ఆ చట్టంలో ప్రకటన అంటే ఏంటో చెప్పినచోట నాకు భలే నచ్చే ముక్క ఒకటుంది. నోటీసు, లేబుల్, రేపర్ మాత్రమే కాదట, వెలుతురుతో గానీ శబ్దంతో గానీ పొగతో గానీ చెప్పినా ప్రకటనేనట. 1954లో రాసినవాళ్లకి ఏఐ సంగతి తెలియదు, కానీ వెలుతురు మాట్లాడుతుందని తెలుసు. మన బొమ్మలో ఎడమవైపు చీకటి, కుడివైపు బంగారు వెలుగు చేస్తున్నది అదే.

సరే, ఇదే బొమ్మని మళ్లీ రాసుకుందాం. నేను మొదట చేసే పని గుణం చెప్పే మాటలన్నీ కొట్టేయడం. ప్రీమియం, నేచురల్, ట్రస్టెడ్, హెల్దీ, ఇమ్యూనిటీ అన్నీ పోవాలి. కెమెరాకి కనపడేవి మాత్రమే మిగలాలి. ఇమ్యూనిటీని ఫొటో తీయగలమా? తీయలేం. తీయలేనిదాన్ని అడిగితే మోడల్ దానికి బదులు ఏదో ఒక గుర్తు తెచ్చి పెడుతుంది. డాలు, గుండె, మెరుపు, ఏదైనా. మనకి చిక్కంతా ఆ గుర్తుతోనే.

```
product photo, four plain bottles side by side on a pale stone table,
all the same height, evenly spaced, blank matte white labels,
plain smooth white caps, camera straight on at label height,
even soft light across the whole frame, plain light grey wall
```

చూడటానికి చప్పగా ఉంది కదా? చప్పగానే ఉండాలి. ఇందులో ప్రతి ముక్కకీ పనుంది.

అన్నీ ఒకే ఎత్తు అని ఎందుకు రాశానంటే, అది రాయకపోతే మోడల్ చాలాసార్లు చిన్నది నుంచి పెద్దదానికి మెట్లలాగా పేరుస్తుంది. మనం ఎడమ నుంచి కుడికి చదివేవాళ్లం. పెరుగుతూ పోయే వరసని చూడగానే మొదలు, ముగింపు అన్న కథ మనసులో పడిపోతుంది. నాలుగు వేరువేరు సరుకులు కాస్తా నాలుగు దశలు అయిపోతాయి. నిజంగా మీ బాటిళ్లు వేరువేరు సైజుల్లో ఉంటే ఆ సైజులే చూపించాలి, అబద్ధంగా సమానం చేయొద్దు. కానీ పెద్దదాన్ని మధ్యలో పెట్టమనండి. మెట్ల వరస విరిగిపోతుంది, కథ కూడా పోతుంది.

వెలుతురు విషయం ఇంకొంచెం మెలికగా ఉంటుంది. కిటికీ వెలుగు అని రాస్తే అందంగానే వస్తుంది, కానీ కిటికీ ఒకవైపే ఉంటుంది కాబట్టి రెండోవైపు సహజంగా నీడ పడుతుంది. చెంబుల వరసకైతే ఏ గొడవా లేదు. సప్లిమెంట్ వరసలో మాత్రం నీడ నుంచి వెలుగుకి అన్నది జబ్బు నుంచి ఆరోగ్యానికి అన్నట్టు చదువుకుంటారు. అందుకే ఫ్రేమ్ అంతా సమానమైన వెలుతురు అని అడగడం. నీడ కావాలంటే ప్రతి బాటిల్ కిందా ఒకే తీరుగా పడనివ్వండి. వెనక గోడ కూడా ఒకే రంగు. రెండు రంగుల గోడ, మధ్యలో గీత, ఒకపక్క ఎండిన ఆకు, ఇంకోపక్క పచ్చటి ఆకు, ఇవన్నీ మనుషులు లేని బిఫోర్ ఆఫ్టర్ బొమ్మలే.

ఇక వద్దు అని చెప్పడం గురించి. చాలామంది మోడల్‌కి టైప్ చేసే ప్రాంప్ట్ లోపలే మనుషులు వద్దు, ముద్రలు వద్దు, బిఫోర్ ఆఫ్టర్ వద్దు అని రాస్తారు. చాలా టూల్స్‌లో ఇది ఎదురు తిరుగుతుంది. వద్దు అన్న మాట కంటే ముద్ర అన్న మాటకే అక్కడ బలం ఎక్కువ. వద్దన్నవి రాయడానికి విడిగా చోటు ఉంటే అక్కడే రాయండి. మిడ్‌జర్నీలో చివర్లో ఇలా రాస్తారు:

```
--no people, text, seal, badge, tape measure, heart --ar 4:5
```

స్టేబుల్ డిఫ్యూజన్‌లో దానికి నెగటివ్ ప్రాంప్ట్ అని విడిగా ఒక పెట్టే ఉంటుంది. అలాంటి చోటు లేని టూల్ అయితే, వద్దన్నదాని ఊసెత్తకుండా ఆ స్థలంలో ఏముండాలో చెప్పేయండి. ముద్ర వద్దు అనే బదులు ఖాళీ తెల్ల లేబుల్. వెనక మనుషులు వద్దు అనే బదులు ఖాళీ బూడిదరంగు గోడ. మూత మీద గుర్తు వద్దు అనే బదులు నున్నటి తెల్ల మూత. ఆ మూత మాట కావాలనే రాశాను. ఆరోగ్యం వాసన తగిలితే చాలు, ఎర్ర ప్లస్ వచ్చి కూర్చుంటుంది. రెడ్‌క్రాస్ చిహ్నాన్ని అనుమతి లేకుండా వాడకూడదని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ఉంది. అది మందుల షాపు గుర్తని మనందరికీ అలవాటైపోయింది గానీ, కాదు.

ఇప్పుడు పక్కన అలంకరణ సంగతికి వద్దాం. బాటిళ్లు ఒంటరిగా బోసిగా ఉన్నాయని పార్టీ అంటాడు. నిజమే, ఉంటాయి. పక్కన ఏదైనా పెట్టొచ్చు, కానీ లేబుల్ వెనకాల పదార్థాల జాబితాలో ఉన్నదే పెట్టాలి. విటమిన్ సి బాటిల్ పక్కన కోసిన నారింజ పెడతారు. లోపల ఉన్నది ల్యాబులో తయారైన ఆస్కార్బిక్ యాసిడ్ అయితే నారింజకి అక్కడేం పని? చేప నూనె అని రాస్తే మోడల్ సాల్మన్ ముక్క గీస్తుంది, అది చూసిన బొమ్మల్లో అదే ఎక్కువ కాబట్టి. మీ నూనె కవళ్ల జాతి చేప నుంచి వచ్చిందైతే ఆ బొమ్మ అబద్ధం. పసుపు సారం పక్కన పచ్చి పసుపు కొమ్ములు పెట్టొచ్చు. కానీ గంపెడు పోయకండి, అంతా ఒక్క క్యాప్సూల్లో ఉందన్నట్టు అనిపిస్తుంది.

మునగాకు దగ్గర సరదా చూడండి. ఇదిగో, మోడల్ గీసిన మునగాకు. (నవ్వులు) ఏంటమ్మా ఇది? పుదీనా! అవును, అంచులు రంపంలాగా ఉన్నాయి. మునగాకు గుండ్రంగా, చిన్నగా, నున్నటి అంచుతో రెమ్మకి జంటలుగా ఉంటుంది. పెరట్లో చెట్టున్న ఎవరైనా పట్టేస్తారు. ఇలాంటిచోట నేను మోడల్‌తో కుస్తీ పట్టను. నిజమైన రెమ్మ తెంపి, తెల్ల కాగితం మీద పెట్టి ఫొటో తీసి అతికిస్తాను.

క్యాప్సూల్స్ బయట పోసి చూపించాలంటే రెండు చూసుకోండి. ఒకటి ఆకారం. పొడి ఉన్న క్యాప్సూల్, అదిమిన టాబ్లెట్, నూనె ఉన్న పారదర్శకమైన మెత్తటి గోళీ, ఇవి మూడూ వేరు. సప్లిమెంట్ అనగానే మోడల్ సగం ఎరుపు, సగం తెలుపు క్యాప్సూల్ గీస్తుంది. అది యాంటీబయాటిక్‌లాగా ఉంటుంది, మందు అనిపిస్తుంది. రెండోది లెక్క. 60 ఉన్న డబ్బా ముందు దోసిళ్ల కొద్దీ కుప్ప పోయకూడదు. మూడు చాలు, `three amber softgels` అని అంకె వేసి అడగండి, వచ్చాక లెక్కపెట్టండి. అంకె పెద్దదయ్యేకొద్దీ ఈ మోడళ్లు లెక్క తప్పుతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. లేబుల్. లేబుల్ మీద అక్షరాలు మోడల్‌తో రాయించొద్దు. ఈమధ్య వచ్చిన టూల్స్ పెద్ద అక్షరాలు బాగానే రాస్తున్నాయి, ఒప్పుకుంటాను. అదే ప్రమాదం. బ్రాండ్ పేరు సరిగ్గా రాసి, కింద చిన్న అక్షరాల్లో దానికి తోచింది రాస్తుంది. హెల్త్ సప్లిమెంట్ అన్న మాట, NOT FOR MEDICINAL USE అన్న హెచ్చరిక, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు, ఇవేవీ దాని చేతికి ఇవ్వాల్సినవి కావు. శాకాహార గుర్తు ఇంకా మోసం చేస్తుంది. ఆకుపచ్చ చుక్క అందంగా ఉంటుందని అన్నిటికీ పెట్టేస్తుంది. చేప నూనెకి ఉండాల్సింది గోధుమరంగు త్రికోణం. పసుపు క్యాప్సూల్ కూడా, పై తొడుగు జెలటిన్ అయితే, శాకాహారం కాదు.

కాబట్టి ఖాళీ లేబుల్ బాటిళ్లు గీయించుకుని, ప్రింటింగ్ ప్రెస్‌కి పంపిన అసలు లేబుల్ ఫైల్‌ని వాటి మీద అతికించాలి. ఫొటోషాప్‌లో లేబుల్‌ని స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా తెచ్చి, వార్ప్‌లో సిలిండర్ ఎంచుకుంటే బాటిల్ గుండ్రానికి వంగుతుంది. బ్లెండింగ్ మల్టిప్లైలో పెడితే బాటిల్ మీద ఉన్న సహజమైన నీడ లేబుల్ మీద కూడా కనపడుతుంది. కెమెరా లేబుల్ ఎత్తులో సూటిగా ఉండాలని ప్రాంప్ట్‌లో రాసింది ఇందుకే. పైనుంచి వాలుగా తీసిన బాటిల్ మీద లేబుల్ అతికించడం పెద్ద తలనొప్పి. మ్యాట్ అని రాసింది మెరుపు తెల్లమచ్చ అక్షరాల మీద పడకుండా.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక గొయ్యి ఉంది. లేబుల్ అంతా అతికించాక బొమ్మ చిన్నగా ఉందని ఏఐ అప్‌స్కేల్‌లో వేస్తారు. అప్‌స్కేల్ అంటే ఉన్నదాన్ని సాగదీయడం కాదు, కొన్ని టూల్స్ బొమ్మ మొత్తం మళ్లీ ఊహించి గీస్తాయి. పెద్ద అక్షరాలు బాగానే ఉంటాయి. లైసెన్స్ నంబరులో 8 వచ్చి 6 అవుతుంది. 500 మిల్లీగ్రాములు 800 అవుతుంది. ఎవరూ చూడరు, ఎందుకంటే మొత్తం బొమ్మ మునుపటికంటే స్ఫుటంగా ఉంటుంది. అందుకే పెద్దది చేయడం ముందు, లేబుల్ అతికించడం ఆఖరు. లేబుల్ పడ్డాక ఆ ఫైల్‌ని మళ్లీ ఏ ఏఐ టూల్‌లోనూ వేయకండి. గోడ రంగు మార్చాలన్నా లేబుల్ లేయర్ తీసేసి మార్చి, మళ్లీ పెట్టండి.

పంపేముందు నేను చేసే పరీక్ష చెప్తాను. మొదట 100 శాతం జూమ్‌లో మూతలు, బాటిల్ వంపులు, రాయి మీద పడ్డ ప్రతిబింబాలు చూస్తాను. ఖాళీ లేబుల్ అడిగినా ప్రతిబింబంలో పిచ్చి అక్షరాలు దాక్కుంటాయి. తర్వాత లేబుళ్ల మీద తెల్ల పట్టీలు వేసి, ఆ బొమ్మని సంబంధం లేని మనిషికి చూపించి ఒకటే అడుగుతాను, ఇవి వాడితే ఏమవుతుందని చెప్తోంది ఈ బొమ్మ? ఇవేవో డబ్బాలు, ఏమో తెలీదు అంటే పాసు. సన్నబడతారనో, నొప్పులు పోతాయనో అన్నారంటే ఆ మాట బొమ్మలో ఎక్కడో ఉంది. ఏది చూసి అలా అనిపించిందో వాళ్లనే వేలు పెట్టి చూపించమనండి. తొంభై పాళ్లు వెలుతురో, అలంకరణో అయి ఉంటుంది.

ప్రశ్నలా? అడగండి.

కొత్తపేటలో మెడికల్ షాపు ఉన్న బాబాయిగారు అడుగుతున్నారు, మా కస్టమర్ ఒకాయన నిజంగానే బరువు తగ్గాడు, ఆయన ఒప్పుకున్నాడు కూడా, పాత ఫొటో, కొత్త ఫొటో పెట్టుకోవచ్చు కదా అని. బాబాయిగారూ, ఆయన తగ్గడం నిజమే. ఆ డబ్బా వల్లే తగ్గాడని ఎలా తెలుసు? ఆయన అన్నం తగ్గించాడో, పొద్దున్నే నడిచాడో ఫొటోలో కనపడదు. పక్కపక్కన పెట్టిన రెండు ఫొటోలు కారణం మన డబ్బాయేనని చెప్తాయి. ఆ మాట రుజువు చేయాల్సింది మీరు. ఇక ఏఐతో గీయించిన బిఫోర్ ఆఫ్టర్ అయితే తగ్గినవాడే లేడు, ఇంకేం చెప్పను. ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి స్లైడ్‌లో బాటిళ్లు, రెండోదాంట్లో సన్నటి నడుము పెట్టి, ఒకే బొమ్మలో లేవు కదా అనే తెలివి కూడా పనికిరాదు. జనం వేలితో జరిపేది వరసగానే.

ఇంకో ప్రశ్న, అమ్మకాల సైట్లో మొదటి ఫొటోగా ఇది పెట్టొచ్చా అని. నా మాటైతే వద్దు. కొనేవాడు చేతికొచ్చేది ఇదే అనుకుని చూసే ఫొటో అది. అక్కడ నిజమైన డబ్బాని తెల్ల కాగితం ముందు పెట్టి తీయండి. ఈ వరస బొమ్మ బ్యానర్‌కి, పాంప్లెట్‌కి. అక్కడ కూడా బాటిల్ రంగు, మూత, ఆకారం అసలుదానిలాగే ఉండాలి. అసలుది తెల్ల ప్లాస్టిక్ అయితే బొమ్మలో గోధుమరంగు గాజు చూపించకూడదు.

చివరగా ఆ అమ్మాయి అడిగింది, సార్, బొమ్మ కేవలం ఊహాచిత్రం అని కింద చిన్న లైన్ వేస్తే సరిపోదా? సరిపోదమ్మా. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. కింద వేసే గమనిక పైన చెప్పినదాన్ని వివరించొచ్చు గానీ, పైన చెప్పిన అబద్ధాన్ని దిద్దడానికి పనికిరాదు. ఆ లైన్ రాయాలనిపించిందంటే బొమ్మలో ఏదో ఉంది. మన మొదటి బొమ్మకే ఆ లైన్ వేశామనుకో, టేపు అక్కడే ఉంది, బొజ్జ నీడ అక్కడే ఉంది. నువ్వైతే ఆ లైన్ చదువుతావా, నీడ చూస్తావా? ఫైల్ తెరిచి ఆ నీడ తీసెయ్, లైన్‌తో పనుండదు.